నేను కొట్టేసిన ఎస్ అక్షరం

మాదాపూర్‌లో ఒక పదంతస్తుల అద్దాల భవనం. అందులో ఆరో అంతస్తులో మా ఆఫీసు. కంపెనీలకు కావలసిన మనుషుల్ని వెతికి పెట్టడం మా వ్యాపారం. అక్కడ నా పని ఇంగ్లీషు సరిచెయ్యడం. ఉద్యోగం కోసం వచ్చినవాళ్ల రెజ్యూమెలు ముందు నా బల్ల మీదికి వస్తాయి. నేను తప్పులు దిద్దాకే అవి కంపెనీలకు వెళతాయి. ఈ కథ జరిగేనాటికి పన్నెండేళ్లుగా ఇదే పని. ప్రగతి నగర్ నుంచి పొద్దున్నే బయల్దేరడం, సాయంత్రం వరకు కామాలూ చుక్కలూ సర్దడం, మళ్లీ ఇంటికి.

ఆ పన్నెండేళ్లలో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు దిద్దిన తప్పు ఒకటుంది. "ఐ హావ్ ఎ ఫైవ్ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్" అని రాస్తారు. ఇంజనీర్లు రాస్తారు, మేనేజర్లు రాస్తారు, ఇంగ్లీషులో ఎం.ఏ. చేసినవాళ్లూ రాస్తారు. దాన్ని చూడగానే నా చెయ్యి దానంతటదే కదులుతుంది. ముందున్న 'ఎ' తీసేస్తాను, మధ్యలో 'ఆఫ్' పెడతాను: ఫైవ్ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్. అదే "ఎ ఫైవ్ ఇయర్స్ రోల్" అని రాస్తే మాత్రం 'ఎ' ఉంచుతాను. ఇయర్స్‌లోని ఎస్ కొట్టేసి, ఫైవ్‌కీ ఇయర్‌కీ మధ్య చిన్న అడ్డగీత పెడతాను: ఎ ఫైవ్-ఇయర్ రోల్.

మనవాళ్లు ఎందుకు తప్పుతారో నాకు తెలుసు. తెలుగులో "ఐదేళ్ల అనుభవం" అంటాం, "ఐదేళ్ల ఉద్యోగం" అంటాం. రెండు చోట్లా ఒకటే ఐదేళ్లు. ఆ ఐదేళ్లని అలాగే పట్టుకెళ్లి ఇంగ్లీషులో దించేస్తారు. ఇంతవరకు తెలుసు. ఇంగ్లీషువాడు ఒక చోట ఎస్ ఉంచి ఇంకో చోట ఎందుకు తీశాడో మాత్రం నేనెప్పుడూ ఆలోచించలేదు. ఎవరైనా అడిగితే "రూల్ అంతే" అనేదాన్ని. నిజం చెప్పాలంటే అడిగినవాళ్లే లేరు. అందరికీ తొందర.

అడిగిన మొదటి మనిషి మా భవనం ఎలక్ట్రీషియన్.

యాభై దాటిన మనిషి. మెదక్ వైపు పల్లె నుంచి వచ్చి బోరబండలో కాపురం పెట్టారు. మా బిల్డింగ్‌లో ఆయన్ని ఎరగనివాళ్లు లేరు. ఏసీ ఆగినా, లిఫ్ట్ ఇరుక్కున్నా, ఎవరి బల్ల కింద ప్లగ్ మాడినా ఆయనే రావాలి. వచ్చి, నిచ్చెన వేసుకుని, పని చేసి, కింద రాలిన చెత్త కూడా తానే ఎత్తుకుని వెళ్లేవారు. అందరూ అన్నా అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆయన నన్ను మేడం అనేవారు. అంతకు మించి మా మధ్య మాటలు లేవు.

ఆ ఏడు మా భవనం నిర్వహణ కాంట్రాక్టు చేతులు మారింది. పాత కంపెనీ వెళ్లిపోతోంది, కొత్త కంపెనీ వస్తోంది. ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, హౌస్‌కీపింగ్ వాళ్లు, సెక్యూరిటీ వాళ్లు అందరూ మళ్లీ కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలన్నారు. దరఖాస్తు ఇంగ్లీషులో ఉండాలి. రెండు వారాల్లో ఇంటర్వ్యూలు. ఆ కాగితాల పని మా ఆఫీసుకే వచ్చింది. అంటే నా బల్లకే.

ఒక మధ్యాహ్నం ఆయన నిచ్చెన లేకుండా వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ కవర్లో ఒక్క కాగితం.

"మేడం, జర ఇది చూస్తరా? మా గల్లీల జిరాక్స్ దుకాణపాయన కొట్టిచ్చిండు. నాకు చదువనీకి వస్తది గాని తప్పులు తెల్వయి."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. నేను చదువుతుంటే బల్ల పక్కన నిలబడి కాగితం వైపే చూస్తున్నారు. మొదటి లైనులోనే ఉంది: "ఐ హావ్ ఎ ట్వెంటీ టూ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్." నా చెయ్యి కదిలింది. 'ఎ' పోయింది, 'ఆఫ్' వచ్చింది. మూడో లైనులో "ఇన్ దిస్ బిల్డింగ్ ఎలెవెన్ ఇయర్స్ రోల్" అని ఉంది. ముందు 'యాన్' పెట్టి, ఎస్ కొట్టేసి, అడ్డగీత పెట్టాను: యాన్ ఎలెవెన్-ఇయర్ రోల్. ఇంకా నాలుగైదు చోట్ల చిన్న చిన్నవి దిద్ది కాగితం చేతికిచ్చాను.

ఆయన వెంటనే వెళ్లలేదు. నా ఎర్ర గీతల్ని ఒక్కొక్కటే వేలితో తడిమి చూస్తున్నారు. మూడో లైను దగ్గర వేలు ఆగింది.

"మేడం, తప్పనుకోకుండ్రి. పైన ఇయర్స్ అని ఉంచిన్రు. కింద ఇయర్ అని చేసిన్రు. పదకొండు ఏండ్లు జేసిన గద ఈడ. ఒక్క ఏడు కాదు గద?"

"అలా కాదండి అన్నా. అర్థం పదకొండేళ్లే. రాసేటప్పుడు ఎస్ రాకూడదు."

"ఎందుకు రావొద్దు?"

"రూల్ అండి."

ఆయన తల ఊపారు. ఆ ఊపడంలో ఒప్పుకోలు లేదు. నా చదువు మీద గౌరవం కొద్దీ ఊపారంతే. "రూల్ అంటే దానికి ఏదో కారణం ఉంటది గద మేడం. మోటర్‌కు ఎర్తింగ్ ఇయ్యాలె అని రూల్ ఉన్నది. ఎందుకు ఇయ్యాలెనో నాకు తెలుసు. ఇయ్యకపోతే ఏమైతదో గూడ తెలుసు. ఇది ఎందుకో మీకు తెలిస్తే చెప్పుండ్రి. పరేషాన్ జేస్తలేను."

నాకు తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. ఫోన్ మోగితే అది వంకగా తీసుకుని, "తర్వాత చెప్తానన్నా" అన్నాను. ఆయన కాగితం కవర్లో పెట్టుకుని వెళ్లిపోయారు.

ఆ సాయంత్రమంతా నాకు ఏదోలా ఉంది. ఆ ఎస్‌ను నేను ఎన్ని వేల సార్లు కొట్టేసి ఉంటాను? ఒక్కసారైనా ఎందుకని అడగలేదు. అడిగిన మనిషికి తన పదకొండేళ్లలో ఏదో తగ్గిపోయిందన్న దిగులు.

ఇంటికెళ్లి వ్యాకరణం పుస్తకాలు తీశాను. సంఖ్యా, దాని పక్కనున్న నామవాచకమూ కలిసి మరో నామవాచకానికి విశేషణంగా ముందు నిలబడినప్పుడు ఆ నామవాచకం ఏకవచనంలో ఉంటుంది, రెంటినీ అడ్డగీతతో కలపాలి అని ఉంది. ఉదాహరణలు ఉన్నాయి. టెన్-మినిట్ వాక్. ట్వెల్వ్-స్టోరీ బిల్డింగ్. ఎందుకో మాత్రం ఎక్కడా లేదు. అందులోనూ రూలే.

మూడో రోజు ఉదయం, నేను ఆఫీసులో అడుగుపెట్టేసరికే ఆయన నా బల్ల దగ్గర నిలబడి ఉన్నారు. మొహం వెలిగిపోతోంది.

"మేడం, దొరికింది!"

"ఏం దొరికిందన్నా?"

"ఎస్ ఎందుకు పెట్టొద్దో దొరికింది. రాత్రి పంప్ రూముల మోటర్ విప్పినం. నేను మా హెల్పర్ పోరగానికి చెప్తున్న, ఇది త్రీ ఫేజ్ మోటర్, జాగ్రత్త అని. నా నోట్లకెల్లి ఆ మాట వచ్చినంక నాకే ఝటకా కొట్టినట్టు అయింది. ఇరవై రెండేండ్ల సంది అంటున్న మేడం, త్రీ ఫేజ్ మోటర్, త్రీ ఫేజ్ మోటర్ అని. ఎన్నడన్న త్రీ ఫేజెస్ మోటర్ అన్ననా? ఎవ్వరు అనరు. మా ఊర్ల బాయికాడ రైతు గూడ త్రీ ఫేజ్ కరెంట్ వచ్చిందా అనే అడుగుతడు. ఫేజులు మూడున్నయి, ఎస్ ఏది?"

నిజమే. ఎవరూ అనరు.

"ఫైవ్ స్టార్ హోటల్ అంటం. ఫైవ్ స్టార్స్ హోటల్ అనం," అన్నారు ఆయన. "టూ బెడ్‌రూమ్ ఫ్లాట్. ఫోర్ లేన్ రోడ్డు. నేను రాతిరి పండుకోలే మేడం, గివే లెక్క పెట్టుకుంట ఉన్న. అన్నిట్ల గట్లనే ఉన్నది. చదువు రానోళ్లు గూడ కరెక్టుగనే అంటున్నరు. మనం ఏండ్లు, నెలల కాడికి వస్తెనే తప్పుతున్నం."

చేతిలో బ్యాగు ఇంకా బల్ల మీద పెట్టలేదు నేను. పన్నెండేళ్లుగా చేతిలో ఎర్ర పెన్నుతో కూర్చున్నాను. రోడ్డు మీద, ఆటోలో, అపార్ట్‌మెంట్ గేటు మీద వేలాడే బోర్డులో, ఈ నగరమంతా రోజూ ఆ రూలును తప్పు లేకుండా పలుకుతూనే ఉంది. ఆ మాటలన్నీ నా చెవిన పడుతూనే ఉన్నాయి. ఒక్కటీ వినలేదు నేను.

"అయినా ఎందుకన్నా?" అని ఈసారి నేనే అడిగాను. "అనరు అన్నది సరే. ఎందుకు అనరు?"

ఆయన కొంచెం ఆలోచించారు. తర్వాత నా బల్ల మీది కాగితం ఒకటి తిప్పి, జేబులోంచి పెన్సిల్ తీసి, దాని మీద మూడు గీతలు గీశారు. చివర ఒక గుండ్రం.

"ఇగ చూడుండ్రి. ఇవి మూడు ఫేజులు. రెడ్, ఎల్లో, బ్లూ. ఇది మోటర్. ఇప్పుడు ఒక ఫేజ్ పోయింది అనుకోండ్రి." ఒక గీత మీద అడ్డంగా కొట్టేశారు. "ఇప్పుడు ఎన్ని ఫేజులు వస్తున్నయి?"

"రెండు."

"మరి ఇది టూ ఫేజ్ మోటర్ అయిందా?"

"లేదు."

"లేదు గద. అది త్రీ ఫేజ్ మోటరే. ఉన్న రెండిటి మీద నడవనీకి చూసి, గుయ్యిమని మొత్తుకుని, వేడెక్కి కాలిపోతది గాని త్రీ ఫేజ్ మోటరే. మూడు ఫేజులు వస్తున్నయి అంటే అది లెక్క. లెక్క పెరుగుతది, తగ్గుతది. త్రీ ఫేజ్ మోటర్ అంటే అది లెక్క కాదు మేడం, ఆ మోటర్ జాతి. ఎట్ల పుట్టిందో గట్లనే ఉంటది. జాతికి లెక్క ఎందుకు? అందుకే ఎస్ పోయిందేమో."

ఆయన కొట్టేసిన గీత మీద వేలు పెట్టాను. "అయితే పదకొండేళ్ల రోల్..."

"అదే మేడం! ఎలెవెన్ ఇయర్స్ పని జేసిన అంటే లెక్క. ఏండ్లు లెక్క పెడుతున్నం, అందుకే ఎస్ ఉండాలె. ఎలెవెన్ ఇయర్ రోల్ అంటే అది ఎసొంటి పనో చెప్తున్నం. నా ఏండ్లు ఏం పోలే. మీరు కరెక్టే కొట్టేసిన్రు." ఆయన నవ్వారు. "ఈ అడ్డగీత గూడ సమజయింది. ప్యానెల్‌ల రెండు పాయింట్లను కలపనీకి లింకు పెడ్తం. గది లేకుంటే రెండు వేరేవేరేగ ఉంటయి. ఇది గూడ లింకే. లెవెన్‌ను, ఇయర్‌ను పట్టి ఒక్కటి జేస్తది."

ఆ రోజు నేను పని మొదలుపెట్టడానికి చాలా సేపు పట్టింది. ఆయన గీసిన బొమ్మ ముందు పెట్టుకుని కూర్చున్నాను. లెక్క, జాతి. వ్యాకరణ పుస్తకాల్లో అరపేజీ పట్టిన విషయాన్ని ఆయన పంప్ రూములో మోటర్ విప్పుతూ పట్టుకున్నారు. పైగా పుస్తకం చెప్పనిది చెప్పారు.

ఆ రాత్రి వంటింట్లో ఉండగా నాకు ఇంకొకటి తట్టింది. చిన్నప్పుడు భీమవరం దగ్గర మా ఇంట్లో ఒక పీట ఉండేది. మా అమ్మ దాని మీద కూర్చుని కొబ్బరి తురిమేది. దాన్ని మేం ముక్కాలి పీట అనేవాళ్లం. మూడు కాళ్లున్న పీట. 'కాళ్ల' పీట అనలేదు, ముక్కాలి పీట అన్నాం. కాలు ఒక్కటే! గరిటె పొయ్యి గట్టు మీద పెట్టేసి నిలబడ్డాను. శబరిమల వెళ్లేవాళ్లు నెత్తిన పెట్టుకునేది ఇరుముడి. ముడులు రెండు, మాటలో ముడి ఒక్కటే. మెడలో మూడు పేటల గొలుసును ముప్పేట గొలుసు అంటాం. శివుణ్ని ముక్కంటి అంటాం. కళ్లు మూడు, మాటలో కన్ను ఒక్కటే.

అంటే మన భాషలోనూ ఉందది. ఐదేళ్ల అనుభవం, రెండు గదుల ఇల్లు అని ఇప్పుడు మనం బహువచనంతోనే అంటున్నాం. పాత మాటల్లో మాత్రం సంఖ్యా వస్తువూ అతుక్కుపోయి, వస్తువు ఒక్కటిగానే నిలబడింది. ఎక్కడి ఇంగ్లీషు, ఎక్కడి మా వంటింటి పీట! ఎవరూ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఇంట్లోవాళ్లు కూర మాడుతోందని కేకేస్తే గానీ తేరుకోలేదు.

మర్నాడు ఇది చెబుదామని ఆయన కోసం వెతికాను. కింద సెల్లార్‌లో ఉన్నారని చెప్పారు. పన్నెండేళ్లలో నేను ఆ భవనం సెల్లార్‌లో కారు పార్కింగ్ దాటి వెళ్లింది లేదు. పార్కింగ్ చివర ఇనుప తలుపు, దాని వెనక కరెంటు ప్యానెళ్ల గది. తలుపు తీసే ఉంది. లోపల గోడ పొడుగునా బీరువాల్లాంటి ప్యానెళ్లు. వాటి మీద ఎరుపు, పసుపు, నీలం దీపాలు మూడేసి వెలుగుతున్నాయి. గదంతా సన్నటి మోత. అది చెవులకు వినిపించే ముందు కాళ్లకు తెలుస్తుంది. పైన మేం నొక్కే ప్రతి స్విచ్చూ ఇక్కడి నుంచే బతుకుతోందని నాకు అప్పుడే తెలిసింది.

గదిలో పదిమంది దాకా ఉన్నారు. భోజనాల వేళ. డబ్బాలు విప్పుకుని కింద కూర్చున్నారు. ఆయన మాత్రం నిలబడి, నేల మీద సుద్దముక్కతో రాస్తున్నారు. నన్ను చూసి సిగ్గుపడ్డారు.

"వీళ్లందరియి గూడ గదే తప్పు మేడం. ఇంటర్వ్యూ ఉన్నది గద. చెప్తున్న."

హౌస్‌కీపింగ్‌లో పనిచేసే ఒక అక్క అందులో ఉంది. నారాయణపేట వైపు మనిషి, మా అంతస్తు శుభ్రం చేసేది ఆమే. ఎప్పుడూ తల వంచుకుని పని చేసుకుపోయేది. ఆమె నేల మీది అక్షరాల్ని తదేకంగా చూస్తోంది.

"అన్నా, మేము నేల తుడిచే నీళ్లల్ల కలిపే మందు డబ్బ మీద ఫైవ్ లీటర్ క్యాన్ అని ఉంటది. లీటర్స్ అని ఉండది. గదేనా?"

"గదే!" అన్నారాయన.

"మరి క్యాన్‌ల ఫైవ్ లీటర్స్ ఉన్నయి అంటే?"

"అది లెక్క. ఎస్ పెట్టు."

"సగం ఒడిసినంక గూడ అది ఫైవ్ లీటర్ క్యానే," అంది ఆమె నెమ్మదిగా, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు. "ఖాళీ అయినంక గూడ."

నేనూ వాళ్ల పక్కన కింద కూర్చున్నాను.

ఇక ఒకరి తర్వాత ఒకరు అందుకున్నారు. సెక్యూరిటీ మనిషి "ట్వెల్వ్ అవర్ డ్యూటీ" అన్నాడు. లిఫ్ట్ చూసుకునే అతను "టెన్ ఫ్లోర్ బిల్డింగ్" అన్నాడు. ప్లంబరు "టూ ఇంచ్ పైప్" అని గట్టిగా అని, "నా జిందగీల ఎన్నడు టూ ఇంచెస్ పైప్ అనలే, మా మేస్త్రి గూడ అనలే," అని నవ్వాడు. అందరి నోళ్లలోనూ ఆ మాటలు ముందు నుంచీ ఉన్నాయి. ఇప్పుడు తీసి చూసుకుంటున్నారు. అన్నం మెతుకులు వేళ్లకు ఎండిపోతున్నా ఎవరూ లేవడం లేదు.

నేను ముక్కాలి పీట గురించి, ఇరుముడి గురించి చెప్పాను. ఆ అక్క "ఇరుముడి... అవు," అంది. ఎలక్ట్రీషియన్ సుద్దముక్కను పక్కన పెట్టి, "మన దాంట్ల గూడ ఉన్నదా మేడం?" అన్నారు. ఆ అడగడంలో గుడి మెట్ల దగ్గర మనిషి గొంతు తగ్గించినట్టు ఒక అణకువ ఉంది.

ఇంటర్వ్యూలు మా అంతస్తులోనే ఒక గదిలో జరిగాయి. కొత్త కంపెనీ మేనేజర్ కూర్చున్నారు. కాగితాలు అందించడానికి నేను పక్కన ఉన్నాను. ఎలక్ట్రీషియన్ వంతు వచ్చింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. మేనేజర్ ఇంగ్లీషులో మీ గురించి చెప్పండి అన్నారు.

ఆయన నిదానంగా, ఒక్కో మాట బిగిస్తున్నట్టుగా చెప్పారు. "ఐ హావ్ ట్వెంటీ టూ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్." కొంచెం ఆగారు. "ఇన్ దిస్ బిల్డింగ్, యాన్ ఎలెవెన్ ఇయర్ రోల్."

మేనేజర్ కాగితం మీది నుంచి తలెత్తి చూశారు. ఆయనకు ఏమనిపించిందో నాకు తెలియదు. తర్వాత ప్రశ్నలన్నీ ప్యానెళ్ల గురించీ జనరేటర్ల గురించీ అడిగారు. వాటికి ఆయన తెలుగులోనే చెప్పారు. మేనేజర్ తృప్తిగా ఒక ఫారం ఆయన ముందుకు జరిపి, ఇది చదివి సంతకం పెట్టండి అన్నారు.

ఆయన చదవడం మొదలుపెట్టారు. వేలు లైను వెంట కదులుతోంది. రెండో పేరాలో ఒక చోట ఆగింది. ఒక్కసారి నా వైపు చూశారు. మళ్లీ కాగితం వైపు చూసి, ఏమీ అనకుండా సంతకం పెట్టి, నమస్కారం చెప్పి వెళ్లిపోయారు.

నాకు అనుమానం వచ్చి ఆ ఫారం తీసి చూశాను. ఆ ఫారం నేనే తయారు చేశాను. నేనే దిద్దాను. అందులో "ఎ సిక్స్ మంత్స్ ప్రొబేషన్ పీరియడ్" అని ఉంది. ఎస్ ఉంది, అడ్డగీత లేదు. నలభై మందికి అదే కాగితం ఇచ్చాం.

సాయంత్రం కిందికి వెళ్లి ఆయన్ని కలిశాను. "అన్నా, మీరు చూశారు కదా?" అన్నాను.

"చూసిన మేడం."

"అక్కడే చెప్పొచ్చు కదా?"

"ఆ సారు ముందట ఎందుకు మేడం? ఆయనకు మీరంటే ఏమనిపిస్తది? మీరు రోజుకు ఎన్ని కాగితాలు చూస్తరు. ఒకటి తప్పుతది." తర్వాత కొంచెం ముందుకు వంగి, "నేను గూడ ఒకసారి బోర్డు మీద న్యూట్రల్ వైరు కలపకుండ ఇడిసిపెట్టిన. నా సీనియర్ ఎవ్వరికి చెప్పలే. అందరు పోయినంక నాకు ఒక్కనికే చూపిచ్చిండు," అన్నారు.

మర్నాడు పొద్దున్నే నలభై ఫారాలూ మళ్లీ అచ్చు వేయించాను. మేనేజర్‌కు కారణం చెప్పాను, తప్పు నాదేనని కూడా చెప్పాను. ఆయన పెద్దగా పట్టించుకోలేదు. "ఎస్ ఉంటే ఏంటండి, లేకపోతే ఏంటి" అన్నారు. నేను వాదించలేదు.

ఎలక్ట్రీషియన్ అన్నకు ఉద్యోగం వచ్చింది. పైగా ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌గా తీసుకున్నారు. ఆ అక్క కూడా మూడు అంతస్తులకు హౌస్‌కీపింగ్ ఇన్‌ఛార్జి అయింది. ఒకరిద్దరిని తీసుకోలేదు, వాళ్లకు వేరే చోట్ల పని చూపించాం. ఏడాది తర్వాత కంపెనీ ఆయన్ని తెల్లాపూర్‌లో ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీకి పంపింది. వెళ్లే ముందు ఆరో అంతస్తుకు వచ్చి అందరికీ చెప్పి వెళ్లారు.

ఆ తర్వాత నా పని మారింది. అంటే కాగితాలు అవే, తప్పులు అవే. నేను ఎస్ కొట్టేసి ఊరుకోవడం మానేశాను. మనిషి ఎదురుగా ఉంటే "త్రీ ఫేజ్ మోటర్ అంటారా, త్రీ ఫేజెస్ మోటర్ అంటారా?" అని అడుగుతాను. ముందు అయోమయంగా చూస్తారు. రెండు క్షణాలాగి కళ్లు పెద్దవవుతాయి. ఆ కళ్లు పెద్దవవడం చూడటం నాకు ఇప్పటికీ విసుగు పుట్టించలేదు. ఒకమ్మాయి మాత్రం "ఫైవ్ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్ అని కూడా చూశానండి, ఇయర్స్ మీద కామాలాంటిది ఉంది" అంది. అదీ సరైనదేనని చెప్పాను. ఎస్ తర్వాత పైన పెట్టే ఆ గుర్తు "యొక్క" అన్నమాట. ఐదేళ్ల యొక్క అనుభవం. మన "ఐదేళ్ల" అచ్చంగా అదే. ముందున్న 'ఎ' తీసేస్తే, పాపం మనవాళ్లు రాసేది ఆ ఒక్క గుర్తు దూరంలో ఉంది.

ఈ మధ్య ఒక మధ్యాహ్నం, పని తక్కువగా ఉన్నప్పుడు, ఇంగ్లీషు చరిత్ర మీద ఏదో చదువుతున్నాను. అందులో ఒక సంగతి కనిపించింది. టెన్-ఫుట్ అంటాం కదా, పది అడుగులు అని. అందులో ఫుట్ నిజానికి ఏకవచనం కాదట. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో "అడుగుల" అనడానికి ఆ మాట చివర ఒక అచ్చు ఉండేది. తరాల తరబడి జనం పలుకుతూ పలుకుతూ ఆ అచ్చు అరిగి రాలిపోయింది. మిగిలింది చూడటానికి ఏకవచనంలా ఉంది. మిగతా కొలతల మాటలు కూడా ఆ దారే పట్టి ఉంటాయని రాశారు.

నేను కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను. ఆగలేక ఆయనకు ఫోన్ చేశాను. వెనక మోటర్ల చప్పుడు, ఎవరో అరుస్తున్నారు. విషయం చెప్పాను. ఆయన 'జాతి' అన్న దానికి ఇదేం అడ్డు కాదని, కాకపోతే దాని కింద ఇంకో పొర ఉందని చెప్పాను.

"వెయ్యేండ్ల కిందటి ముచ్చటనా మేడం?" అన్నారు ఆయన.

"అవునన్నా."

"అంతమంది నోళ్లల్ల తిరిగి తిరిగి మనదాంక వచ్చిందా ఈ చిన్న మాట."

"అవునన్నా."

వెనక ఎవరో ఆయన్ని పిలిచారు.

"అబ్బ," అన్నారాయన. "సరే మేడం, పైన ట్యాంకు నిండుతున్నది. ఉంట."